డెక్సా రిపోర్టును విడదీసి చదవాలి

2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కన అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22 దగ్గరే ఉంది. అంటే ఎత్తు, బరువు లెక్కలో ఇద్దరూ సమానమే, ఇద్దరూ సన్నగా ఉన్నవాళ్లే. డెక్సా స్కాన్ చేస్తే మాత్రం యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం తేలింది, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం తేలింది. చూడటానికి బక్కపలచగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండే మన దక్షిణాసియా శరీర తత్వం ఆ ఒక్క పేజీతో ప్రపంచం కళ్లకు కట్టింది.

బరువు తూచే మెషిన్‌కు, టేపుకు అందని ఆ తేడాను డెక్సా పట్టుకుంది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో డయాగ్నస్టిక్ సెంటర్లలో ఈ స్కాన్ దొరుకుతోంది. ఎముకల డాక్టర్ రాస్తే కొందరు, జిమ్ ట్రైనర్ చెబితే కొందరు చేయించుకుంటున్నారు. చేతికి వచ్చే రిపోర్టులో రంగుల బొమ్మలు, గ్రాఫులు, పట్టికలు ఉంటాయి. చాలామంది అందులో పెద్ద అక్షరాల్లో ఉన్న ఒక్క అంకె చూసి సంబరపడటమో, భయపడటమో చేస్తారు. ఆ పెద్ద అంకె ఎప్పుడూ ఒక మొత్తమో, ఒక సగటో అయి ఉంటుంది. చెప్పాల్సిన సంగతి దాని కింద ఉన్న విడి అంకెల్లో ఉంటుంది.

మెషిన్ ఏం చూస్తుంది?

బల్ల మీద వెల్లకిలా పడుకుంటే పైన ఒక చెయ్యిలాంటి భాగం మెల్లగా కదులుతూ వెళ్తుంది. అంతా పది, పదిహేను నిమిషాల పని. మెషిన్ రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్-రేలను పంపుతుంది. ఎముకలోని ఖనిజం, కొవ్వు, మిగతా మెత్తని కణజాలం ఈ రెండు కిరణాలను ఒక్కో తీరుగా అడ్డుకుంటాయి. ఆ తేడాను బట్టి ఎక్కడ ఏది ఎంత ఉందో కంప్యూటర్ లెక్క కడుతుంది. రేడియేషన్ చాలా తక్కువ. ప్రకృతి నుంచి ఒకటి రెండు రోజుల్లో మనకు ఎలాగూ అందేదానికి మించదు. అయినా గర్భిణులకు చేయరు.

ఇక్కడే ఒక పరిమితి కూడా ఉంది. ఎముక ఉన్న చోట మెషిన్ ఎముకనూ, ఎముక కానిదాన్నీ మాత్రమే వేరు చేయగలదు. ఆ ఎముక ముందూ వెనకా ఉన్న మెత్తని భాగంలో కొవ్వెంత, కండెంత అన్నది పక్కనున్న ఎముక లేని భాగాన్ని చూసి అంచనా వేస్తుంది. అందుకే పక్కటెముకలు, వెన్నెముక ఉన్న మొండెం అంకెల్లో అంచనా పాలు ఎక్కువ.

డెక్సా పేరుతో రెండు పరీక్షలు ఉన్నాయి. నడుము దగ్గర వెన్నెముకను, తుంటిని మాత్రమే తీసేది ఎముక సాంద్రత పరీక్ష. దీన్నే బీఎండీ టెస్ట్ అంటారు. తల నుంచి కాళ్ల దాకా తీసేది బాడీ కంపోజిషన్ పరీక్ష. మొదటిది ఎముక గుల్లబారిందా అని చెప్పడానికి, రెండోది కొవ్వు, కండల పంపకం చెప్పడానికి. రెండూ చేయించుకున్న ఒకరి రిపోర్టు ఎలా ఉంటుందో ఒక నమూనాతో చూద్దాం. అంకెలు ఈ వ్యాసం కోసం కూర్చినవే. మన దగ్గర యాభై దాటిన మహిళల్లో ఇలాంటి తీరు అరుదేమీ కాదు.

కొవ్వు శాతం ఒకటి, కొవ్వు చోటు ఇంకొకటి

ఆమెకు 54 ఏళ్లు. నెలసరి ఆగి నాలుగేళ్లయింది. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు, బీఎంఐ 25. రిపోర్టు ఆ 60 కిలోలను మూడుగా విడగొట్టింది. కొవ్వు 24.6 కిలోలు, లీన్ మాస్ 33.5 కిలోలు, ఎముక ఖనిజం 1.9 కిలోలు. మూడూ కలిపితే 60 కావాలి. రిపోర్టు అందగానే ముందు ఈ కూడిక చేయండి. స్కాన్ మొత్తం, అదే రోజు తూచిన బరువు ఒకటి రెండు కిలోలకు మించి తేడా వస్తే స్కాన్‌లో ఏదో తేడా జరిగినట్టే. చెయ్యి బల్ల అంచు దాటి బయటికి పోయినా ఇలా అవుతుంది.

ఇక శాతం దగ్గరికి వద్దాం. అదే పేజీలో కొవ్వు ఒక చోట 41.0 శాతం అని, ఇంకో చోట 42.3 శాతం అని ఉండవచ్చు. పొరపాటేమీ లేదు. మొదటిది మొత్తం 60 కిలోల్లో కొవ్వు వాటా. రెండోది ఎముక తీసేసి మిగిలిన 58.1 కిలోల్లో వాటా. కొన్ని కంపెనీల మెషిన్లు రెండూ అచ్చు వేస్తాయి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చేయించుకున్నప్పుడు పాత కాగితంలోని ఒక శాతాన్ని కొత్త కాగితంలోని మరో శాతంతో పోల్చి, కొవ్వు పెరిగిందని బెంగపెట్టుకునేవాళ్లు ఉన్నారు. కిలోలు చూసుకుంటే ఈ గందరగోళమే ఉండదు.

ఇప్పుడు ఆ 24.6 కిలోలు ఎక్కడున్నాయో చూడాలి. పట్టికలో చేతులు 2.6, కాళ్లు 7.2, మొండెం 13.9, తల 0.9 అని ఉంది. అంటే సగానికి పైగా మొండెంలోనే ఉంది. ఈ పట్టిక కింద ఆండ్రాయిడ్, గైనాయిడ్ అని రెండు వరుసలు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ అంటే తుంటి ఎముక పై అంచు మీద, నడుము చుట్టూ ఉండే పట్టీ లాంటి భాగం. గైనాయిడ్ అంటే పిరుదులు, తొడల పై భాగం. ఈమెకు ఆండ్రాయిడ్‌లో కొవ్వు 47 శాతం, గైనాయిడ్‌లో 43 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.09 వస్తుంది. మామూలుగా ఆడవాళ్లలో కింది భాగంలోనే కొవ్వు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఈ నిష్పత్తి 1 కన్నా తక్కువ ఉండాలి. 1 దాటిందంటే కొవ్వు నడుము దగ్గరికి చేరుతోందని అర్థం. తొడల్లో కొవ్వు కన్నా పొట్ట లోపలి కొవ్వే షుగర్‌కు, గుండె జబ్బుకు ఎక్కువ దారి తీస్తుంది. కాబట్టి 41 శాతం కన్నా డాక్టర్‌తో మాట్లాడాల్సిన అంకె ఈ 1.09.

కొన్ని రిపోర్టుల్లో విసెరల్ ఫ్యాట్ అని పేగుల చుట్టూ ఉండే కొవ్వు కూడా విడిగా ఉంటుంది. దాన్ని మెషిన్ నేరుగా చూడదు. ఆండ్రాయిడ్ భాగంలోని మొత్తం కొవ్వు నుంచి చర్మం కింది కొవ్వును అంచనాగా తీసేసి మిగిలింది చెబుతుంది. ఎక్కువా తక్కువా అని తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఐదూ పది గ్రాముల తేడాలకు విలువ లేదు.

లీన్ మాస్ అంతా కండ కాదు

లీన్ మాస్ 33.5 కిలోలని చూసి అదంతా కండ అనుకోకూడదు. కొవ్వు, ఎముక కానిదంతా ఆ లెక్కలోకే వస్తుంది. కాలేయం, గుండె, రక్తం, ఒంట్లోని నీరు అన్నీ అందులోనే. స్కాన్‌కు ముందు లీటరు నీళ్లు తాగి పడుకుంటే లీన్ మాస్ కిలో పెరిగినట్టు చూపిస్తుంది. కాళ్ల వాపు ఉన్నవారికి ఆ నీరు కూడా కండగా లెక్క పడుతుంది.

అందుకే కండ సంగతి తెలియాలంటే మొండెం వదిలేసి చేతులు, కాళ్లు చూడాలి. అక్కడ అవయవాలు ఉండవు కాబట్టి లీన్ మాస్‌లో అధిక భాగం కండే. ఈమెకు చేతుల్లో 3.1, కాళ్లలో 9.6, మొత్తం 12.7 కిలోలు. దీన్ని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 12.7ను 1.55తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.55తో భాగిస్తే 5.29 వస్తుంది. కండ తరుగుదలపై ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత డెక్సాకైతే ఆడవాళ్లకు 5.4, మగవాళ్లకు 7.0. ఈమె ఆ గీతకు కాస్త కింద ఉంది.

అయితే ఈ ఒక్క అంకెతో జబ్బు అని ముద్ర వేయరు. బలం కూడా చూడాలని ఆ బృందమే చెప్పింది. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే, పిడికిలి పట్టు తగ్గితే, నడక నెమ్మదిస్తే అప్పుడు దీన్ని పట్టించుకోవాలి. కండ కొలత, బలం కొలత రెండూ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

ఇక్కడ బొమ్మను ఒకసారి దగ్గరగా చూడండి. ఒళ్లంతా కనిపించే ఆ బొమ్మ మీద సన్నని గీతలు ఉంటాయి. భుజం దగ్గర ఒక గీత చేతిని మొండెం నుంచి వేరు చేస్తుంది. తుంటి దగ్గర ఏటవాలు గీతలు కాలిని వేరు చేస్తాయి. వీటిని సరిచూసేది టెక్నీషియనే. భుజం గీత బయటికి జరిగితే చేతి కండలో కొంత మొండెం లెక్కలోకి పోతుంది. 5.29 లాంటి గీత పక్కన ఉన్న అంకె అటూ ఇటూ కావడానికి ఆ మాత్రం చాలు. రెండు రిపోర్టులు పోల్చేటప్పుడు గీతలు రెండింటిలోనూ ఒకే చోట ఉన్నాయో లేదో ముందు చూడాలి.

సగటు దాచిన ఎముక

ఎముక పేజీలో బీఎండీ అనే అంకె ఉంటుంది. ఎముకలోని ఖనిజం ఎన్ని గ్రాములో దాన్ని బొమ్మలో ఆ ఎముక వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ఇదే. ఈమెకు తుంటిలో, తొడ ఎముక మెడ దగ్గర ఖనిజం 2.96 గ్రాములు, వైశాల్యం 4.70 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే 0.630.

ఈ అంకెను ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోలిస్తే టీ-స్కోర్, అదే వయసువాళ్ల సగటుతో పోలిస్తే జెడ్-స్కోర్ వస్తుంది. సున్నా అంటే సగటు. మైనస్ ఎంత పెరిగితే సగటు నుంచి అంత కిందికి ఉన్నట్టు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం టీ-స్కోర్ మైనస్ 1 వరకు మామూలే. మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య ఉంటే ఎముక పలచబడినట్టు. మైనస్ 2.5, అంతకన్నా కిందికి పోతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం. ఈ లెక్క నెలసరి ఆగిన ఆడవాళ్లకు, యాభై దాటిన మగవాళ్లకు మాత్రమే. చిన్న వయసువాళ్లకు జెడ్-స్కోర్ చూడాలి. అది మైనస్ 2, అంతకన్నా కిందికి ఉంటే వయసుకు తగ్గట్టు లేదని అర్థం, కారణం వెతకాలి. 54 ఏళ్ల మన మహిళ మాత్రం జెడ్-స్కోర్ చూసుకుని ఊరట చెందకూడదు. తన ఈడువాళ్లందరి ఎముకలూ పలచబడి ఉంటే వాళ్లతో సమానంగా ఉండటం భద్రత కాదు.

ఆమె రిపోర్టు మొదటి వరుసలో నడుము వెన్నుపూసలు నాలుగూ కలిపి టీ-స్కోర్ మైనస్ 1.7 అని ఉంది. తొడ ఎముక మెడ మైనస్ 1.9, తుంటి మొత్తం మైనస్ 1.3. ఇంతవరకే చూస్తే ‘ఎముక పలచబడింది, ఇంకా గుల్లబారలేదు’ అని కాగితం మడిచిపెట్టేస్తారు.

కింద ఉన్న చిన్న పట్టిక చూడండి. మొదటి పూస మైనస్ 2.4, రెండోది మైనస్ 2.6, మూడోది మైనస్ 1.1, నాలుగోది మైనస్ 0.9. పై రెండు ఒక దారి, కింది రెండు ఒక దారి. ఒక మనిషి వెన్నులో పక్కపక్కనున్న పూసల మధ్య ఒకటికి మించి తేడా ఉంటే అనుమానించాలన్నది ఈ రంగంలో ఉన్న నియమం. బొమ్మలో చూస్తే మూడు, నాలుగు పూసల అంచుల్లో తెల్లగా ముద్దలు కనిపిస్తున్నాయి. అవి అరుగుదల వల్ల పెరిగిన ఎముక ముళ్లు. అవి బలాన్నివ్వవు కానీ ఖనిజం కాబట్టి మెషిన్ వాటినీ లెక్కేస్తుంది. నలిగి కుదించుకుపోయిన పూస కూడా ఇలాగే గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటి పూసలను తీసేసి, కనీసం రెండు మిగిలితే వాటితోనే లెక్క చూడాలి. పై రెండు పూసలతో చూస్తే ఈమె టీ-స్కోర్ మైనస్ 2.5. వెన్ను, తొడ ఎముక మెడ, తుంటి మొత్తం అనే మూడింటిలో అన్నిటికన్నా తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఇది ఆస్టియోపోరోసిస్. అదే స్కాన్, అదే మనిషి. సగటు చూస్తే ఒక మాట, పూసలు విడివిడిగా చూస్తే ఇంకో మాట.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. ఫ్లోరోసిస్ గురించి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు రాశారు. ఇప్పటి ప్రకాశం జిల్లాలో, నల్లగొండలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల వెన్నెముకలో ఖనిజం అతిగా పేరుకుంటుంది. డెక్సాలో టీ-స్కోర్ ప్లస్‌లోకి కూడా పోవచ్చు. ఆ ఎముక మందంగా ఉంటుందే గానీ గట్టిగా ఉండదు. అక్కడ పెరిగినవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. వెన్ను అంకె బాగుందని ఊరుకోకూడదు.

ఇంకో రెండు అంకెల దగ్గర జాగ్రత్త అవసరం. బాడీ కంపోజిషన్ పేజీలోనూ ‘మొత్తం శరీరం’ అని ఒక టీ-స్కోర్ ఉంటుంది. అందులో పుర్రె వాటా పెద్దది. ఈమెకు మొత్తం ఖనిజం 1.9 కిలోల్లో తలదే 0.35 కిలో. పెద్దవాళ్లలో ఎముక జబ్బు నిర్ధారణకు ఆ టీ-స్కోర్ పనికిరాదు. అలాగే ఉచిత శిబిరాల్లో మడమను చిన్న మెషిన్‌లో పెట్టి చెప్పే టీ-స్కోర్ అల్ట్రాసౌండ్‌ది, డెక్సాది కాదు. దానికి మైనస్ 2.5 గీత వర్తించదు.

ఏడాది తర్వాత వచ్చిన రెండో కాగితం

డాక్టర్ చెప్పిన మందులు, నడక, బరువులెత్తే వ్యాయామం, పప్పు, గుడ్డు పెంచిన తిండి. ఏడాది గడిచింది. బరువు 57 కిలోలకు వచ్చింది. కొవ్వు 22.4, లీన్ మాస్ 32.7, ఖనిజం 1.9. కొవ్వు శాతం 41.0 నుంచి 39.3కి వచ్చింది. ఏడాది కష్టానికి దక్కింది రెండు శాతం కూడా లేదని నిరుత్సాహం కలుగుతుంది. కిలోల్లో చూస్తే కొవ్వు 2.2 కిలోలు కరిగింది. పాత కొవ్వులో అది 9 శాతం. మొత్తం బరువు కూడా తగ్గింది కాబట్టి శాతం ఆ సంగతిని చిన్నది చేసి చూపించింది.

మరి లీన్ మాస్ 0.8 కిలో తగ్గింది కదా, కండ పోయిందా? ఒకే మనిషిని బల్ల మీద నుంచి దింపి, వెంటనే మళ్లీ పడుకోబెట్టి తీసినా అంకెలు కొంచెం మారతాయి. ఆ మార్పు కన్నా ఎంత ఎక్కువ ఉంటే నిజమైన మార్పో ప్రతి సెంటరూ తన మెషిన్‌కు, తన టెక్నీషియన్లకు లెక్క కట్టి పెట్టుకోవాలి. ఒక సెంటర్ తప్పు మోతాదును 2.77తో హెచ్చవేస్తే ఆ హద్దు వస్తుంది. మొత్తం కొవ్వులో తప్పు 3 శాతం, లీన్ మాస్‌లో 2 శాతం దాటకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఆ చివరి గీతనే పట్టుకుంటే కొవ్వులో 8 శాతం పైబడిన మార్పు, లీన్ మాస్‌లో ఐదున్నర శాతం పైబడిన మార్పు నిజమైనవి. ఈమెకు కొవ్వు 9 శాతం తగ్గింది, కాబట్టి నమ్మవచ్చు. లీన్ మాస్ తగ్గింది 2.4 శాతమే. తగ్గిందనీ చెప్పలేం, తగ్గలేదనీ చెప్పలేం. కుర్చీ పరీక్షలో సెకన్లు తగ్గాయా పెరిగాయా అన్నదే అప్పుడు మంచి సాక్ష్యం.

ఎముకకూ ఇదే సూత్రం. తుంటి మొత్తం బీఎండీ 0.780 నుంచి 0.765కి వచ్చింది. దాదాపు 2 శాతం. తుంటికి హద్దు 5 శాతం వరకు ఉండవచ్చు. కాబట్టి మందు పనిచేయలేదని దీన్ని బట్టి ఆపేయకూడదు. ఎముక నెమ్మదిగా మారుతుంది. అందుకే మళ్లీ స్కాన్‌కు సాధారణంగా ఏడాది, రెండేళ్లు ఆగమంటారు. మూడు నెలలకోసారి చేయిస్తే కనబడేది మెషిన్ ఊగిసలాటే.

ఈ పోలికంతా ఒకే సెంటర్‌లో, ఒకే మెషిన్ మీద తీసినప్పుడే చెల్లుతుంది. ప్రధాన కంపెనీల మెషిన్లు ఒకే వెన్నుకు వేర్వేరు బీఎండీ చూపిస్తాయి. ఆ తేడా ఏళ్ల తరబడి ఎముకలో వచ్చే మార్పు కన్నా పెద్దది.

స్కాన్‌కు వెళ్లేముందు కాల్షియం మాత్ర ఒక రోజు ఆపండి. కరగని మాత్ర వెన్ను ముందు ఉంటే ఎముకగా లెక్క పడవచ్చు. బేరియం, కాంట్రాస్ట్ మందు ఇచ్చిన స్కాన్ ఈమధ్యే చేయించుకుని ఉంటే చెప్పండి. బాడీ కంపోజిషన్ అయితే పొద్దున్నే, ఖాళీ కడుపుతో, ప్రతిసారీ అదే తీరులో వెళ్లండి. స్కాన్ అయ్యాక ఒక పేజీ సారాంశంతో సరిపెట్టుకోకుండా బొమ్మలు, పూసల వారీ పట్టిక, భాగాల వారీ పట్టిక ఉన్న పూర్తి రిపోర్టు అడిగి తీసుకోండి. డాక్టర్ దగ్గర ఆ పట్టికలున్న పేజీనే ముందు తెరవండి. ఇదివరకు ఎముక విరిగిందా, స్టెరాయిడ్ మందులు వాడారా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా అన్నవి ఏ స్కానూ చెప్పదు. అవి మీరే చెప్పాలి. వాటితో కలిపి చదివినప్పుడే డెక్సా రిపోర్టు పూర్తవుతుంది.